అక్కకు పుట్టినరోజు కానుకగా నిద్ర ఇవ్వవచ్చా?

రవి_అక్కయ్యపాలెం, శనివారం, రాత్రి 9:40

విశాఖ అక్కయ్యపాలెంలో ఉండే మా పెద్దమ్మకు 76 ఏళ్లు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట పోయింది కాని మనం చెప్పేది అర్థమవుతుంది. ముక్కు గొట్టం ద్వారానే ఆహారం, మంచం మీదే అన్నీ. ఆమెను చూసుకునేది ఒక్క కూతురే, మా అక్క. ఉద్యోగానికి మొదట సెలవు పెట్టింది, తరువాత మానేసింది. పై నెలలో ఆమెకు 47వ పుట్టినరోజు. పిన్ని పిల్లలం, మామయ్య పిల్లలం కలిసి ఆరుగురం తలా 3,000 వేసుకున్నాం. అంటే 18,000. పట్టుచీర అని ఒకరు, బంగారు ఉంగరం అని ఒకరు అంటున్నారు. పోయిన వారం వెళ్లి చూస్తే మాట్లాడుతూ మాట్లాడుతూనే గోడకు తల ఆనించి కునికింది. ఆ రోజు నుంచి నాకు చీర మీద మనసు పోవడం లేదు. ఇలా ఇంట్లో రోగిని చూసుకున్నవారు చెప్పండి, మీకు ఎవరైనా ఇచ్చినవాటిలో నిజంగా పనికొచ్చింది ఏది?

సీతమ్మధార_లక్ష్మి, రాత్రి 9:58

బీచ్ రోడ్డులో మంచి హోటల్‌లో ఒక పూట మసాజ్, భోజనం, సాయంత్రం సముద్రం చూస్తూ కాఫీ. ఆడవాళ్లకు అలాంటిది ఎవరూ చేయరు రవి గారూ. నేనయితే ఎగిరి గంతేస్తాను.

మంచంపక్కన, రాత్రి 10:31

లక్ష్మి గారూ, మా నాన్నగారిని ఆరేళ్లు చూసుకున్నాను. మా ఆడపడుచు అచ్చంగా మీరు చెప్పిన కూపన్ ఇచ్చింది. గడువు ఆరు నెలలు. ఆరు నెలలూ దేవుడి గదిలో కుంకుమ భరిణ కింద ఉంది, గడువు దాటాక చెత్తబుట్టలో వేశాను. మసాజుకు వెళ్లాలంటే ముందు నాన్నగారి దగ్గర ఎవరు కూర్చుంటారో నేనే వెతకాలి. ఆ మనిషికి అన్నీ నేనే చెప్పాలి. అక్కడ పడుకున్నా ధ్యాస ఫోను మీదే ఉంటుంది. ఆడపడుచు దృష్టిలో అది కానుక. నా లెక్కలో మరొక పని.

పరామర్శకు వచ్చేవాళ్లది మరొక కథ. ఒకసారి అల్మరాలో లెక్కపెడితే హార్లిక్స్ సీసాలే పదకొండు ఉన్నాయి. నాన్నగారికి చక్కెర జబ్బు! వచ్చినవాళ్లందరికీ కాఫీ పెట్టాను కూడా. "ఏమైనా కావాలంటే మొహమాట పడకుండా చెప్పమ్మా" అని వెళ్లేవాళ్లు. ఒకే ఒక్క పక్కింటి మామ్మగారు మాత్రం ప్రతి గురువారం పదకొండు గంటలకు అన్నం, పప్పు, ఒక కూర పాత ప్లాస్టిక్ డబ్బాల్లో పంపేవారు, డబ్బాలు తిరిగి ఇవ్వవద్దని ముందే చెప్పి. గురువారం నేను పొయ్యి వెలిగించేదాన్ని కాదు. ఇప్పటికీ ఆవిడను తలచుకోని వారం లేదు.

భీమిలి_రాజు, రాత్రి 10:50

పెద్దమ్మగారికి అయితే మడతపెట్టే చక్రాల కుర్చీ తీసుకోండి. మా నాన్నగారికి తీసుకున్నాం, సాయంత్రం వరండాలోకి తీసుకువస్తే ముఖం వెలిగిపోతుంది. కాళ్లు ఆనించే పలకలు పక్కకు తిరిగే రకం చూసుకోండి, మంచం నుంచి మార్చేటప్పుడు అడ్డం రావు.

మంచంపక్కన, రాత్రి 10:54

రాజు గారూ, కానుక పెద్దమ్మగారికి కాదండీ, అక్కగారికి.

భీమిలి_రాజు, రాత్రి 10:57

అయ్యో, సరిగా చదవలేదు. అయినా పలకల సంగతి గుర్తుపెట్టుకోండి.

పాత_సిస్టర్, ఆదివారం, ఉదయం 6:15

నేను 34 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం నరాల వార్డులోనే. రవీ, నువ్వు చూసిన కునుకులోనే నీ ప్రశ్నకు జవాబు ఉంది. చీర కొనే ముందు ఒక్క పని చెయ్యి. ఒక రాత్రి ఆ ఇంట్లో పడుకో. పడుకో అంటే పడుకోవద్దు, కాగితం మీద రాసుకో. మీ అక్క ఏ గంటకు లేస్తోంది, ఎందుకు లేస్తోంది, మళ్లీ ఎప్పుడు నడుం వాలుస్తోంది. ఆమెను అడిగితే "ఏముంది, అలవాటైపోయింది" అంటుంది. కాగితం అలా అనదు.

రవి_అక్కయ్యపాలెం, సోమవారం, ఉదయం 7:20

సిస్టర్ గారూ, నిన్న రాత్రి ఉన్నాను. 10 గంటలకు గొట్టంలో జావ, తరువాత మాత్రలు పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వడం. మంచం తల వైపు ఎత్తి ఉంచి 11 దాకా పక్కనే కూర్చుంది. 12కు ఎడమ పక్కకు తిప్పింది. 2కు డైపర్ మార్చి, వెల్లకిలా పడుకోబెట్టింది. 2:50కి పెద్దమ్మ మూలిగింది, ఏమీ లేదు, చెయ్యి పట్టుకుని కూర్చుంది. 4కు కుడి పక్కకు. 5:30కి లేచి 6 గంటల జావకు సిద్ధం. రాత్రంతటిలో అక్క ఏకధాటిగా పడుకున్నది గంటన్నర కన్నా ఎక్కువ లేదు. ఏడు నెలలుగా ఇదే. నాకు ఒక్క రాత్రికే తల దిమ్మెక్కింది.

గాజువాక_ప్రసాద్, ఉదయం 8:05

దీనికి తేలిక దారి ఉంది. గాలి పరుపు కొనండి. గదులు గదులుగా ఉంటుంది, చిన్న పంపు దానంతట అదే కొన్ని గదుల్లో గాలి నింపుతూ కొన్నింటిలో తీసేస్తూ ఉంటుంది. మా అత్తగారికి అదే వేశాం. ఇక రాత్రిళ్లు తిప్పే పనే లేదు, అక్కగారు హాయిగా పడుకోవచ్చు. మీ డబ్బులో సగం కూడా కాదు.

పాత_సిస్టర్, ఉదయం 9:30

ప్రసాద్ గారూ, పరుపు మంచిదే, కొనమనే నేనూ చెబుతాను. కాని దాన్ని నమ్మి రాత్రంతా తిప్పకుండా వదిలేస్తే పుండు పడుతుంది. పరుపు వేస్తే రెండు గంటల వ్యవధిని కొంత పెంచగలమేమో, అదీ చర్మాన్ని చూసి, డాక్టరును అడిగి. పూర్తిగా మానడం లేదు.

పరుపు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఆమె పడుకుని ఉండగా పరుపు కింద నుంచి, సరిగ్గా నడుం చివరి ఎముక ఉన్నచోట, అరచెయ్యి పైకి పెట్టి దూర్చండి. మీ చేతికి, ఆమె ఎముకకు మధ్య ఒక అంగుళమైనా గాలి మందం ఉండాలి. ఎముక చేతికి తగులుతుంటే పరుపు ఉన్నా లేనట్లే. పంపు మీద బరువును బట్టి తిప్పే మీట ఉంటుంది, చాలా ఇళ్లలో దాన్ని కొన్న రోజున తిప్పినవాళ్లు మళ్లీ ముట్టుకోరు.

చర్మం సంగతి కూడా చెబుతాను. తిప్పినప్పుడల్లా నడుం చివర, మడమలు, తుంటి ఎముక చూడాలి. ఎర్రబడినచోట వేలితో నొక్కి తీస్తే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. నొక్కినా ఎరుపు కదలకపోతే అది పుండుకు మొదలు, ఇక ఆ వైపు బరువు పడనివ్వకూడదు. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి చేతి వెనుక భాగంతో తాకి, పక్కనున్న చర్మం కంటే వేడిగా గాని గట్టిగా గాని ఉందేమో చూడండి.

డాబాగార్డెన్స్, ఉదయం 10:10

పరుపు వాడేవాళ్లు కరెంటు సంగతి మరచిపోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. పరుపు చపాతీలా అయిపోయింది. మా అమ్మను దూది పరుపు మీదికి మార్చి, దిండ్లతో నెట్టుకొచ్చాం.

రవి గారూ, ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. పెద్దమ్మగారికి కొడుకులు లేరా? మా ఇంట్లో ముగ్గురం, చేసింది నేనొక్కదాన్నే. ఏడాదికోసారి చీర తెచ్చి "నువ్వు దేవతవు" అనేవారు. ఆ చీరలు ఒక్కటీ కట్టలేదు.

రవి_అక్కయ్యపాలెం, ఉదయం 10:45

ఒక అన్నయ్య ఉన్నాడండీ, విదేశంలో. డబ్బు పంపుతాడు. ఆ చర్చ ఇక్కడ మొదలుపెడితే నాకు ఇంట్లో అన్నం పుట్టదు.

సిస్టర్ గారూ, రాత్రి అటెండెంట్‌ను పెడితే ఎలా ఉంటుంది? ఒక ఏజెన్సీని అడిగాను. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు 900 అన్నారు. 18,000 పెడితే వరుసగా 20 రాత్రులు.

పాత_సిస్టర్, మధ్యాహ్నం 2:20

ఇదే నేను చెప్పబోయింది. కాని 20 రాత్రులు వరుసగా వద్దు. 21వ రాత్రి ఆమె పరిస్థితి ఏమిటి? నా మాట వింటే ప్రతి శనివారం రాత్రి, నాలుగు నెలలు. 16 రాత్రులకు 14,400. మిగతా డబ్బులో ఒక 800 ముందుగా రెండు సాయంత్రాలు ఆ అమ్మాయిని రెండు మూడు గంటలు పిలవడానికి. ఇంకా 2,800 ఉంటుంది, దానితో మంచం మీద పరిచే తడి పీల్చే షీట్లు కొను. పక్క మొత్తం మార్చే బదులు షీటు ఒక్కటే మార్చవచ్చు.

ఆ రెండు సాయంత్రాలే అసలు విషయం. మొదటి సాయంత్రం మీ అక్క చేస్తుంటే అమ్మాయి చూడాలి. రెండో సాయంత్రం అమ్మాయి చేస్తుంటే మీ అక్క చూడాలి. తిప్పేటప్పుడు చంకల కింద చేతులు వేసి లాగకూడదు, పక్షవాతం వచ్చిన భుజం జారుతుంది. నాలుగు మడతల దుప్పటి నడుం కింద ఉంచి, దాన్ని పట్టుకుని తిప్పాలి. వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఒకటి. ఇవన్నీ నోటితో చెబితే ఎవరైనా తల ఊపుతారు. చేయిస్తేనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. అటెండెంట్ నర్సు కాదు. గొట్టం ఊడితే తిరిగి పెట్టే ప్రయత్నం ఆ అమ్మాయి చేయకూడదు, అది ఊపిరితిత్తుల దారిలోకి వెళ్లగలదు. గొట్టం ముక్కు దగ్గర ఏ అంకె మీద ఉందో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ప్రతిసారీ ఆహారానికి ముందు అదే అంకె ఉందో లేదో చూడాలి. బయటికి జారినట్లు ఉంటే జావ పొయ్యకుండా ఫోను చెయ్యాలి.

ఇప్పుడు నిన్ను అడిగేది ఇదీ. ఆ ఫోను ఎవరికి?

రవి_అక్కయ్యపాలెం, మధ్యాహ్నం 2:41

అక్కకే కదండీ, ఇంకెవరికి?

పాత_సిస్టర్, మధ్యాహ్నం 2:50

అయితే మీ అక్క చెవి రాత్రంతా మేలుకునే ఉంటుంది. 900 ఇచ్చి కొన్న నిద్ర ఆమెకు చేరదు. శనివారం రాత్రి ఫోను మీ ఆరుగురిలో ఒకరి తల దగ్గర ఉండాలి. వంతులు వేసుకోండి. వంతు ఉన్నవాళ్లు ఊళ్లో ఉండాలి, బండి ఉండాలి, ఇంటికి వచ్చి గొట్టం పెట్టే నర్సు నంబరు, డాక్టరు నంబరు దగ్గర ఉండాలి. ఆరుగురిలో ఎంతమంది అలా ఉంటారో చూడు. నాకు తెలిసి డబ్బు వేసుకోవడానికి ఆరుగురు ఉంటారు, ఫోనుకు ఇద్దరు తేలుతారు.

అన్నట్లు ఏడు నెలలుగా ముక్కు గొట్టమే అంటే, పొట్టలోకి నేరుగా పెట్టే గొట్టం గురించి డాక్టరును అడిగారా? అది వేరే చర్చ, కాని అడగండి.

పెందుర్తి_సుధ, సాయంత్రం 5:30

డబ్బు ఖర్చు లేని పని ఒకటి. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది, 2024 నుంచి. వైకల్యానికి సదరం ధ్రువపత్రం ఉండాలి, కుటుంబ ఆదాయం వగైరా నిబంధనలు ఉన్నాయి, అందరికీ రాదు. కాని వస్తుందో రాదో తెలుసుకోవడానికి వార్డు సచివాలయానికి తిరిగే ఓపిక అక్కగారికి ఉండదు. ఆ తిరుగుడు మీలో ఒకరు తీసుకోండి. మా మేనత్త విషయంలో నేను నాలుగుసార్లు తిరిగాను. ఆమె నాకు ఇప్పటికీ ఆవకాయ పంపుతుంది.

గాజువాక_ప్రసాద్, సాయంత్రం 6:12

పింఛను సంగతి సరే, రాత్రి మనిషి మీద నిఘాకు కెమెరా పెట్టండి. ఫోనులోనే కనిపిస్తుంది.

మంచంపక్కన, సాయంత్రం 6:40

వద్దండీ. అక్కగారు పడుకోకుండా ఆ ఫోనులో అమ్మను చూస్తూ కూర్చుంటారు. నేను అదే చేశాను. పైగా డైపర్ మార్చేటప్పుడు పెద్దావిడ కెమెరాలో పడాలా? మాట లేదు కాబట్టి వద్దని చెప్పలేరు.

గాజువాక_ప్రసాద్, సాయంత్రం 6:48

కెమెరా చూసేది వంతు ఉన్నవాళ్లు, అక్కగారు కాదు. పెద్దావిడకు అర్థమవుతుందన్నారు కదా, తల ఊపి చెప్పగలరేమో అడిగి చూడండి. ముక్కూమొహం తెలియని మనిషిని రాత్రి ఇంట్లో వదిలి ధైర్యంగా ఉండడం నావల్ల కాదు.

రవి_అక్కయ్యపాలెం, ఇరవై రెండు రోజుల తరువాత, మంగళవారం, రాత్రి 9:15

అందరికీ జరిగింది చెప్పాలి.

సిస్టర్ గారు అన్నట్లే ఫోనుకు తేలింది ఇద్దరమే, నేను, మా మేనమామ కొడుకు. కెమెరా సంగతి పెద్దమ్మను అడిగాం. ముఖం గోడ వైపు తిప్పుకుంది. పెట్టలేదు.

అక్క మొదట ఒప్పుకోలేదు. "అమ్మను పరాయివాళ్ల చేతిలో పెట్టి నేను పడుకోవాలా" అని ఏడ్చింది. పుట్టినరోజు నాడు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాం, అది తప్పయింది. ముందే కూర్చోబెట్టి మాట్లాడాల్సింది. రెండు సాయంత్రాలు అమ్మాయిని చూశాక మెత్తబడింది. శ్రీకాకుళం వైపు అమ్మాయి, చెయ్యి నెమ్మది.

మొదటి శనివారం అక్క పక్క గదిలోనే పడుకుంది. పడుకుంది అనుకున్నాం, అమ్మాయి చెప్పింది మూడుసార్లు తలుపు దగ్గరకు వచ్చి చూసి వెళ్లిందని. అందుకని రెండో శనివారం ఎంవీపీ కాలనీలో మా ఇంటికి తీసుకువచ్చాను. తొమ్మిదిన్నరకు పడుకుంది.

రాత్రి 11:20కి నా ఫోను మోగింది. పెద్దమ్మ దగ్గుతోంది, నోటి పక్క నుంచి జావ వస్తోంది. తల వైపు ఎత్తి, పక్కకు తిప్పమని చెప్పి బండి తీశాను. దారిలోనే నర్సుకు ఫోను చేశాను. వెళ్లేసరికి దగ్గు తగ్గింది. నర్సు వచ్చి గొట్టం సరిగానే ఉందని, శ్వాస బాగుందని చూసి, ఉదయం దాకా జ్వరం, ఆయాసం గమనించమని చెప్పింది. ఏమీ రాలేదు. జరిగింది ఏమిటంటే, 11 గంటలకు జావ ఇచ్చిన పావుగంటకు డైపర్ తడిసిందని మంచం చదునుగా దించి మార్చింది. గంట ఎత్తి ఉంచాలని కాగితం మీద ఉంది. డైపర్ మార్చాల్సి వస్తే ఏం చెయ్యాలో లేదు. ఇప్పుడు రాశాం, జావకు ముందే మార్చాలని. తరువాత తడిస్తే ఆ గంట ఆగాలి.

అక్కను లేపలేదు. ఉదయం 6:40 వరకు పడుకుంది. తొమ్మిది గంటలు. లేచాక కాఫీ ఇచ్చి చెప్పాను. ఏమీ అనలేదు. లేచి వెంటనే ఇంటికి వెళ్లిపోయింది.

డాబాగార్డెన్స్, రాత్రి 9:40

లేపకపోవడం తప్పు. ఆ రాత్రి ఏదైనా జరిగి ఉంటే ఆమె జీవితాంతం తనను తాను క్షమించుకునేది కాదు, మిమ్మల్ని కూడా.

మంచంపక్కన, రాత్రి 9:55

నేను ఒప్పుకోను. ప్రతి దగ్గుకూ లేపితే అది పాత రాత్రే, ఇల్లు మారింది అంతే. నర్సు వచ్చింది, చూసింది. ఇంకేం కావాలి?

పాత_సిస్టర్, బుధవారం, ఉదయం 6:05

ఇద్దరిలో ఎవరిది సరైనదో నేను చెప్పలేను, చెప్పాల్సింది అక్కే. వేటికి లేపాలో ఆమెనే అడిగి రాయించు రవీ. నేనయితే మూడు అంటాను: ఆయాసం, స్పృహలో తేడా, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి రావడం. ఆమె జాబితా ఇంకా పొడుగ్గా ఉంటే అలాగే ఉండనీ. కొన్ని వారాల్లో తనే కొట్టేస్తుంది. కొట్టేయకపోయినా మీరు వాదించవద్దు.

దగ్గు సంగతి, ఇంకో రెండు రోజులు జ్వరం చూస్తూ ఉండండి. జావ కొంచెం ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా వెంటనే తెలియకపోవచ్చు.

రవి_అక్కయ్యపాలెం, ఆదివారం, ఉదయం 8:30

జ్వరం లేదు. అడిగాను, రాసింది. పదకొండు ఉన్నాయి జాబితాలో, పెద్దమ్మ ఏడ్చినా లేపాలి అన్నది ఏడోది. నిన్న మూడో శనివారం. ఏజెన్సీ చెప్పాపెట్టకుండా వేరే అమ్మాయిని పంపింది, పాత అమ్మాయికి ఊళ్లో పెళ్లట. మళ్లీ సాయంత్రం నేర్పడం మొదలు. అక్క నిన్న ఇంట్లోనే ఉంది, తనే పక్కన కూర్చుని కొత్త అమ్మాయితో దుప్పటి పట్టించి తిప్పించింది. రాత్రి ఒంటి గంటకు తలుపు వేసుకుని పడుకుందట.

వచ్చే శనివారం ఎంవీపీకి వస్తావా అని అడిగాను. "చూద్దాం, ఆ పాత అమ్మాయి వస్తే" అంది. ఏజెన్సీకి ఇప్పుడు ఫోను చేస్తున్నాను.

సీతమ్మధార_లక్ష్మి, ఉదయం 8:52

రవి గారూ, నేను శనివారాలు ఖాళీ. మా ఇంటి నుంచి అక్కయ్యపాలెం పది నిమిషాలు, స్కూటీ ఉంది. ఫోనుకు మూడో మనిషి కావాలంటే నంబరు విడిగా పంపుతాను. గొట్టం గురించి మాత్రం ముందు ఒకసారి చూపించాలి.